రాజీనామా ఏ రోజు ఇవ్వాలి? ఐదేళ్లు నిండడానికి మూడు నెలలే ఉంది

మొల్లపూలు | 5 అక్టోబరు 2025

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ బృందానికి లీడ్‌గా పని చేస్తున్నాను. 2021 జనవరి 11న చేరాను. నెల జీతం 1,10,000, అందులో బేసిక్ 55,000. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నోటీసు 90 రోజులు. వేరే కంపెనీ నుంచి 1,40,000కి ఆఫర్ వచ్చింది. వాళ్లు డిసెంబరు 1న చేరమంటున్నారు.

రేపు సోమవారం మేనేజర్‌కు చెప్పేద్దామనుకుంటున్నాను. ఆయన నాకు చాలా మేలు చేసిన మనిషి, మా నాన్నగారి ఆపరేషన్ సమయంలో నెల రోజులు ఇంటి నుంచి పని చేసుకోనిచ్చారు. అందుకే ఎలా చెప్పాలో తోచడం లేదు. ముందు మెయిల్ పెట్టాలా, ముందు మాట్లాడాలా? నోటీసు మొత్తం చేయకుండా డిసెంబరుకే బయటపడాలంటే ఏం చేయాలి? గ్రాట్యుటీ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

వేగుచుక్క | 5 అక్టోబరు 2025

కంగారు పడాల్సిందేమీ లేదండీ. నోటీసులో మిగిలిన రోజులకు డబ్బు కట్టేస్తే ఎవరూ ఆపలేరు, అది మన హక్కు. గ్రాట్యుటీకి కూడా ఐదేళ్లు పూర్తిగా అక్కర్లేదు. ఆరు నెలలు దాటితే దాన్ని ఏడాదిగా లెక్కిస్తారని చట్టంలోనే ఉంది. మీకు నాలుగేళ్ల ఎనిమిది నెలలు దాటాయి కాబట్టి ఐదేళ్ల కిందే లెక్క. రేపే చెప్పేయండి.

గోదారిగట్టు | 5 అక్టోబరు 2025

అమ్మా, బాండు సంగతి చూసుకున్నావా? నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో మూడేళ్లు పూర్తి కాకుండా మానేసినప్పుడు 2 లక్షలు కట్టించుకున్నారు. కోర్టుకు వెళ్దామనుకున్నాను. ఈ ఏడాది మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అలాంటి షరతు చెల్లుతుందని తేల్చేసింది. కనీస కాలం పని చేయాలన్న షరతు ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించినదే కాబట్టి, మానేశాక వేరే చోట చేరకుండా అడ్డుకునే షరతుతో దాన్ని కలపకూడదన్నారు. నువ్వు కూడా ముందు వకీలును కలువు.

మొల్లపూలు | 5 అక్టోబరు 2025

నాకు బాండేమీ లేదండీ. నోటీసు ఒక్కటే.

లెక్కలమాస్టారు | 5 అక్టోబరు 2025

అమ్మా, రేపు చెప్పవద్దు. ముందు ఇది పూర్తిగా చదువు. నేను ఇరవై ఏళ్లకు పైగా జీతాల విభాగంలో పని చేశాను. ఇలాంటి చివరి లెక్కలు చాలా వేశాను.

వేగుచుక్క గారు చెప్పిన ఆరు నెలల నియమం చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అది వేరే చోట వర్తిస్తుంది. గ్రాట్యుటీకి అర్హత వచ్చాక ఎన్నేళ్లకు లెక్క కట్టాలన్నప్పుడు ఆ నియమం పనికొస్తుంది. ఆరేళ్ల ఏడు నెలలు చేసినవాళ్లకు ఏడేళ్లకు ఇస్తారు. అర్హత కోసం మాత్రం ఐదేళ్ల నిరంతర సేవ కావాలి. ఐదో ఏట 240 రోజులు పని చేస్తే ఆ ఏడాది నిండినట్టేనని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది. వారానికి ఐదు రోజులు నడిచే సంస్థల్లో 190 రోజులే చాలన్న వాదన కూడా చట్టంలోని మాటలను బట్టే వస్తుంది. అయితే అడగగానే ఆ లెక్కన ఇచ్చే కంపెనీలు తక్కువ. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర కేసు వేసి తిరగాలి. మూడు నెలలు ఓపిక పడితే అక్కర్లేని గొడవ అది.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, ఏళ్లతో గుణించాలి. 55,000 బేసిక్‌తో ఐదేళ్లకు 1,58,654 రూపాయలు వస్తుంది. రేపు అక్టోబరు 6న రాజీనామా ఇస్తే 90 రోజులు జనవరి 4తో ముగుస్తాయి. నీకు ఐదేళ్లు నిండేది జనవరి 10న. నోటీసు మొత్తం చేసి కూడా ఆరు రోజుల తేడాతో ఆ డబ్బు చేజారుతుంది.

డిసెంబరు 1న చేరాలంటే ఇంకా నష్టం. నవంబరు 28 శుక్రవారం బయటపడ్డావనుకో, నోటీసులో 37 రోజులు తగ్గుతాయి. ఆ రోజులకు బేసిక్ మీద కోస్తారా, మొత్తం జీతం మీద కోస్తారా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. బేసిక్ మీదైతే 67,833. మొత్తం జీతం మీదైతే 1,35,667. గ్రాట్యుటీ పోయినదానితో కలిపితే మూడు లక్షలకు దగ్గరగా వస్తుంది.

డబ్బు కట్టి వెళ్లడం హక్కన్న మాటకు కూడా లెటర్‌లోని వాక్యమే ఆధారం. ‘నోటీసు లేదా దానికి బదులు జీతం’ అని ఉంటే నీకు కొంత పట్టు ఉంటుంది. ‘కంపెనీ అంగీకారంతో’ అని ఉంటే మేనేజర్ ఒప్పుకోవాలి. ఆ పేరా తీసి ఇక్కడ రాయి.

మొల్లపూలు | 5 అక్టోబరు 2025

మాస్టారూ, ఇప్పుడే లెటర్ తీసి చూశాను. ‘సంస్థ తన విచక్షణ మేరకు అనుమతిస్తే, తగ్గిన రోజులకు స్థూల జీతం చొప్పున వసూలు చేస్తుంది’ అని ఉంది. అంటే ఎక్కువ లెక్కే. ఆరు రోజుల సంగతి వింటే గుండె ఝల్లుమంది. అయితే అక్టోబరు 12న ఇస్తే నోటీసు సరిగ్గా జనవరి 10న ముగుస్తుంది కదా?

లెక్కలమాస్టారు | 5 అక్టోబరు 2025

అక్కడే ఇంకో చిక్కుంది. 2026 జనవరి 10 శనివారం. శని, ఆదివారాలు సెలవున్న కంపెనీల్లో హెచ్‌ఆర్ వాళ్లు చివరి పని దినాన్ని దానికి ముందున్న శుక్రవారానికి జరుపుతారు. వాళ్ల ఉద్దేశంలో అది నీకు సాయం చేయడమే. రిలీవింగ్ లెటర్‌లో జనవరి 9 అని పడితే ఐదేళ్లకు ఒక్క రోజు తక్కువ. అందుకని చివరి రోజు వారం మధ్యలో పడేలా చూసుకో. అక్టోబరు 15 బుధవారం ఇచ్చావంటే 90 రోజులు జనవరి 13 మంగళవారంతో పూర్తవుతాయి. మరునాడు భోగి. పండుగ చేసుకుని 19వ తేదీ సోమవారం కొత్త చోట చేరవచ్చు.

ముందు కొత్త కంపెనీతో మాట్లాడు. చేరే తేదీ మారిందని వాళ్ల నుంచి మెయిల్ వచ్చేదాకా ఇక్కడ నోరు విప్పవద్దు.

తూర్పుగాలి | 6 అక్టోబరు 2025

నేను మేనేజర్ వైపు మనిషిని, విశాఖలో ముప్పై మంది ఉన్న బృందాన్ని నడుపుతున్నాను. ఎలా చెప్పాలని మొదట అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

మెయిల్ కంటే ముందు మాట్లాడండి. నా బృందంలో మనిషి వెళ్తున్నాడని హెచ్‌ఆర్ పోర్టల్ పంపిన సందేశంలో చూసి తెలుసుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ బాధతో ఉన్నవాడిని మీరు తర్వాత ఏ వెసులుబాటు అడిగినా మనస్ఫూర్తిగా ఇవ్వడు. ఆయనతో విడిగా ఒక అరగంట సమయం అడగండి. కూర్చోగానే మొదటి వాక్యంలోనే విషయం చెప్పండి: ‘నేను రాజీనామా చేస్తున్నాను, నా చివరి రోజు జనవరి 13.’ ఆ తర్వాత మీ నాన్నగారి విషయంలో చేసిన సాయానికి కృతజ్ఞత చెప్పండి. ఈ రెండింటి వరుస తారుమారు కాకూడదు. కృతజ్ఞతతో మొదలుపెడితే మీరింకా ఊగిసలాడుతున్నారని, నచ్చజెబితే ఆగుతారని ఆయన అనుకుంటాడు.

ఎక్కడికి వెళ్తున్నారని అడుగుతాడు. ‘చేరాక తప్పకుండా చెబుతాను’ అంటే చాలు. జీతం పెంచితే ఉంటారా అని కూడా అడుగుతాడు. ఉండే ఉద్దేశం లేకపోతే అంకె చెప్పవద్దు. అంకె చెప్పారంటే బేరం మొదలైనట్టే. నేను పై అధికారుల దగ్గరికి వెళ్లి, వారం పాటు తిరిగి, పెంపు తెచ్చాక మీరు కాదంటే నా మాట పోతుంది.

మాట్లాడిన రోజే, సాయంత్రం లోపు మెయిల్ పంపండి. మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు ఇద్దరికీ వెళ్లాలి. నోటీసు లెక్క మొదలయ్యేది మాటతో కాదు, మెయిల్‌తో. అందులో రాజీనామా తేదీ, నోటీసు ఎన్ని రోజులు, చివరి రోజు ఏది, ఈ మూడూ ఉండాలి. ఎందుకు వెళ్తున్నారో రాయనక్కర్లేదు.

వేగుచుక్క | 6 అక్టోబరు 2025

ఆరు నెలల విషయం మాస్టారు చెప్పాక మళ్లీ చదివాను, ఆయన అన్నదే సరి. కానీ ఒకటి. మేనేజర్ పోర్టల్‌లో ఆమోదించకపోతే రాజీనామా చెల్లదు కదా? మా ఆఫీసులో ఒకరి రాజీనామాను నెల రోజులు అలాగే పెండింగ్‌లో ఉంచారు.

లెక్కలమాస్టారు | 6 అక్టోబరు 2025

ప్రైవేటు ఉద్యోగంలో ఒప్పందం ప్రకారం నోటీసు ఇచ్చి, ఆ కాలం పని చేస్తే, ఇష్టం లేని మనిషిని ఎవరూ బలవంతంగా ఉంచుకోలేరు. పోర్టల్‌లో పెండింగ్ అని ఉన్నా నోటీసు రోజులు నడుస్తూనే ఉంటాయి, అందుకే మెయిల్ అవసరం. అయితే రిలీవింగ్ లెటర్ వాళ్ల చేతిలో ఉంటుంది. చట్టం మన వైపు ఉందని గొంతు పెంచితే ఆ కాగితం ఆలస్యమవుతుంది. వారం దాటినా ఆమోదం రాకపోతే పాత మెయిల్‌కే జవాబుగా, చివరి రోజును గుర్తు చేస్తూ మర్యాదగా ఇంకో మెయిల్ పంపితే సరిపోతుంది.

మొల్లపూలు | 9 అక్టోబరు 2025

కొత్త కంపెనీతో మాట్లాడాను. మొదట కుదరదన్నారు. గ్రాట్యుటీ నష్టం లెక్క వేసి పంపితే, డిసెంబరులోనే వస్తే 1,60,000 జాయినింగ్ బోనస్ ఇస్తామన్నారు. డబ్బు సమానమే కదా, ఒప్పుకోమంటారా?

లెక్కలమాస్టారు | 9 అక్టోబరు 2025

సమానం కాదమ్మా. గ్రాట్యుటీ మీద 20 లక్షల దాకా పన్ను లేదు. బోనస్ మాత్రం జీతం కిందికి వస్తుంది, పన్ను పడుతుంది. పైగా ఏడాది లోపు మానేస్తే బోనస్ తిరిగి ఇవ్వాలన్న షరతు దాదాపు ప్రతి ఆఫర్ లెటర్‌లో ఉంటుంది. ఒక్కోసారి పన్ను పోగా నీ చేతికి వచ్చినదాన్ని కాకుండా మొత్తం అంకెను కట్టమంటారు. ఇవన్నీ పక్కన పెట్టినా, నోటీసు తగ్గినందుకు ఇక్కడ కోసే 1,35,667 ఎవరు ఇస్తారు? దాన్ని కూడా వాళ్లే భరిస్తామని రాసిస్తే అప్పుడు ఆలోచించు.

మొల్లపూలు | 13 అక్టోబరు 2025

నోటీసు డబ్బు భరించలేమన్నారు. చివరికి జనవరి 19న చేరేందుకు ఒప్పుకున్నారు. మార్చిన ఆఫర్ లెటర్ ఈ ఉదయం వచ్చింది. బుధవారం చెబుతున్నాను.

మొల్లపూలు | 16 అక్టోబరు 2025

చెప్పాను. తూర్పుగాలి గారు అన్నట్టే మొదటి వాక్యంలోనే చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘13 అంటే భోగి ముందు రోజు కదా, ఫిబ్రవరి రిలీజ్ ఎవరు చూస్తారు?’ అన్నారు. కోపం లేదు కానీ దిగులు పడ్డారు. సాయంత్రం మెయిల్ పంపాను. ఇప్పుడు పని అప్పగించడం గురించి చెప్పండి. వారం రోజుల్లో ఒక పెద్ద డాక్యుమెంట్ రాసి ఇస్తే చాలదా?

తూర్పుగాలి | 17 అక్టోబరు 2025

డాక్యుమెంట్ రాయాలి, కానీ దాన్ని ఎవరూ మొదటి నుంచి చివరి దాకా చదవరు. మనుషులు వెళ్లిపోయాక నేను పడ్డ ఇబ్బందులన్నీ డాక్యుమెంట్‌లో లేని విషయాల వల్లే వచ్చాయి. రాసేవాళ్లకు అవి అసలు పనిగానే అనిపించవు.

ఒకటి చెబుతాను. మా దగ్గర ఒకమ్మాయి రాత్రి రెండింటికి నడిచే టెస్టుల స్క్రిప్టును తన లాగిన్‌తో పెట్టుకుంది. నాలుగేళ్లు చక్కగా నడిచింది. ఆమె వెళ్లిన మరునాడు ఖాతా మూసేశారు. స్క్రిప్టు ఆగిపోయింది. వైఫల్యం జరిగితే వచ్చే మెయిల్ కూడా ఆ మూసేసిన ఖాతాకే వెళ్లేది, అందుకని ఎవరికీ తెలియలేదు. టెస్టులన్నీ పాస్ అవుతున్నాయనుకుని పది రోజులు గడిపాం. చివరికి కస్టమర్ దగ్గర బిల్లు తప్పు వచ్చాక బయటపడింది.

కాబట్టి ముందుగా మీ పేరుతో, మీ ఫోను నంబరుతో ముడిపడి ఉన్నవన్నీ వెతకండి. మీ లాగిన్‌తో నడిచే పనులు ఏవి? ఏ టెస్టు ఖాతాకు ఓటీపీ మీ సొంత ఫోనుకు వస్తుంది? ఏ సర్టిఫికెట్ గడువు ముగుస్తోందన్న హెచ్చరిక మీ మెయిల్‌కు మాత్రమే వస్తుంది? వీటిని బృందం పేరు మీద ఉన్న ఖాతాకు మార్పించండి. ఐటీ విభాగం ద్వారా జరగాలి కాబట్టి వారాలు పడుతుంది, నవంబరులోనే మొదలుపెట్టండి.

రెండోది, మీరు చెబుతుంటే వాళ్లు వినే సమావేశాలు రెండు మూడు చాలు. ఆ తర్వాత వాళ్ల చేత చేయించి మీరు పక్కన కూర్చోండి. డిసెంబరు రిలీజ్‌ను పూర్తిగా కొత్తవాళ్లే నడపాలి, మీ చేయి కీబోర్డు మీద పడకూడదు. వాళ్లు ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో, మీ డాక్యుమెంట్‌లో ఆ ముక్క లేదన్నమాట. అప్పుడు రాయండి.

ఎవరికి అప్పగించాలో మీ మేనేజర్ పేరు చెప్పకుండా జాప్యం చేయవచ్చు, మేమందరం చేసే పనే అది. నవంబరు మొదటి వారానికల్లా పేరు కావాలని మెయిల్‌లో అడగండి. లేకపోతే జనవరి మొదటి వారంలో అంతా మీ మీద పడి, ఇంకో రెండు వారాలు ఉండమని అడుగుతారు.

నల్లరేగడి | 22 నవంబరు 2025

ఈ చర్చ చదువుతున్నాను, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నిన్నటి నుంచి కొత్త కార్మిక చట్టాలు నాలుగూ అమల్లోకి వచ్చాయి. ఇక గ్రాట్యుటీకి ఏడాది చాలని అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మొల్లపూలు గారు అనవసరంగా జనవరి దాకా ఆగారేమో.

లెక్కలమాస్టారు | 22 నవంబరు 2025

ఏడాది నియమం నిర్ణీత కాల ఒప్పందం మీద పని చేసేవాళ్లకు. మొల్లపూలుది పర్మనెంటు ఉద్యోగం, ఆమెకు ఐదేళ్లే. ఈ సందేశం చూసి ఎవరూ తొందరపడి రాజీనామా ఇవ్వకండి.

అందరికీ పనికొచ్చే మార్పు ఇంకొకటుంది. వేతనాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసి వెళ్లినవాళ్లకు రావాల్సిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. ఇది జీతానికి సంబంధించిన గడువు, గ్రాట్యుటీకి గడువు వేరే, 30 రోజులు. 45 రోజుల్లో చివరి లెక్క అన్న పాత అలవాటును కంపెనీలు ఎంత త్వరగా మార్చుకుంటాయో చూడాలి.

మొల్లపూలు | 7 జనవరి 2026

డిసెంబరు రిలీజ్‌ను నా స్థానంలోకి వచ్చిన ఇద్దరే నడిపారు. మూడు చోట్ల ఆగారు, మూడూ రాసిచ్చాను. ఓటీపీ ఖాతాలు రెండు నా నంబరు మీద ఉన్నట్టు బయటపడింది, మార్పించాను.

ఎల్లుండి ఎగ్జిట్ ఇంటర్వ్యూ. మా పై అధికారి ఒకరు మహిళలకు రాత్రి షిఫ్టులు వేసి, క్యాబ్ ఆలస్యమైతే పట్టించుకోరు. అది చెప్పాలా వద్దా? ఫారంలో చివరన ‘నాకు రావాల్సిన బకాయిలన్నీ ముట్టాయి, సంస్థపై ఇక ఏ హక్కూ కోరను’ అన్న వాక్యం కింద సంతకం కూడా అడుగుతున్నారు.

వేగుచుక్క | 7 జనవరి 2026

అన్నీ చెప్పేయండి. వెళ్లేటప్పుడు కూడా భయపడితే ఇక ఎప్పుడు చెబుతాం?

తూర్పుగాలి | 7 జనవరి 2026

నేను ఒప్పుకోను. ఇంటర్వ్యూ రహస్యమంటారు, కానీ అందులోని మాటలు సారాంశంగా మా దాకా వస్తాయి. చిన్న బృందంలో ఎవరన్నారో తెలిసిపోతుంది. రేపు వేరే చోట మీ గురించి వాకబు చేసేది కూడా ఆ అధికారినే కావచ్చు. నచ్చని మనిషి గురించి చెప్పడం వల్ల ఏమీ మారదు.

నల్లరేగడి | 7 జనవరి 2026

క్యాబ్ విషయం నచ్చడం, నచ్చకపోవడం కాదండీ. అది భద్రత. ఆ బృందంలో మిగిలిన ఆడవాళ్లు రేపు కూడా అదే షిఫ్టు చేయాలి. నేనైతే మనిషి పేరు కంటే ముందు తేదీలు చెబుతాను. ఫలానా రాత్రి క్యాబ్ ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి వచ్చింది, ఎవరికి ఫిర్యాదు చేశాను. రవాణా విభాగం రికార్డుల్లో సరిచూసుకోగలిగిన విషయాన్ని ఎవరూ కోపంతో అన్న మాటగా కొట్టిపారేయలేరు. జవాబుల కాపీని మీ దగ్గర ఉంచుకోండి.

తూర్పుగాలి | 8 జనవరి 2026

తేదీలతో చెబితే నాకు అభ్యంతరం లేదు. కానీ అది ఎగ్జిట్ ఇంటర్వ్యూ దాకా ఆగాల్సిన విషయం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

లెక్కలమాస్టారు | 8 జనవరి 2026

ఆ సంతకం ఇప్పుడు పెట్టవద్దు. లెక్క కాగితమే చూడకుండా బకాయిలన్నీ ముట్టాయని ఎలా రాస్తావు? ‘చివరి లెక్క అందాక సంతకం చేస్తాను’ అని మర్యాదగా చెప్పు. పోర్టల్ ముందుకు వెళ్లనివ్వకపోతే వ్యాఖ్యల గడిలో ‘చివరి లెక్క ఇంకా అందలేదు’ అని రాసి, ఆ తెర ఫోటో తీసుకో.

ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు జీతం స్లిప్పులు, ఫారం 16లు, ఇంక్రిమెంట్ లెటర్లు, సెలవుల ఖాతా దించుకో. నీ సొంత కాగితాలు మాత్రమే, ప్రాజెక్టుకు సంబంధించినది ఒక్క పేజీ కూడా వద్దు. ల్యాప్‌టాప్, ఛార్జరు, గుర్తింపు కార్డు ఇచ్చినట్టు రసీదు తీసుకో.

మొల్లపూలు | 5 ఫిబ్రవరి 2026

క్యాబ్ విషయం తేదీలతో చెప్పాను, హెచ్‌ఆర్ అమ్మాయి రాసుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు. ఆ వాక్యం కింద మాత్రం సంతకం చేయలేదు. రిలీవింగ్ లెటర్‌లో జనవరి 13 అనే ఉంది.

నిన్న లెక్క కాగితం వచ్చింది. జనవరిలో 13 రోజులకు జీతం 46,129. 18 సెలవులకు బేసిక్ మీద 33,000. గ్రాట్యుటీ 1,58,654. కోతల్లో పీఎఫ్, వృత్తి పన్నుతో పాటు ‘నోటీసు తగ్గుదల 2 రోజులు’ అని 7,333 వేశారు. అడిగితే డిసెంబరులో జ్వరం వచ్చి రెండు రోజులు సెలవు పెట్టానని, నోటీసులో సెలవు పెడితే ఆ రోజులు కలవవని అంటున్నారు. డబ్బు ఫిబ్రవరి చివరికి వస్తుందట. సెలవుల డబ్బు మీద పన్ను కూడా కోశారు.

లెక్కలమాస్టారు | 5 ఫిబ్రవరి 2026

ఒక్కొక్కటిగా చూద్దాం. నోటీసులో సెలవు పెడితే చివరి రోజు ఆ మేరకు ఆలస్యమవుతుందన్న నియమం కొన్ని కంపెనీల పాలసీలో ఉంటుంది. ఉన్నా సరే, వాళ్లు అప్పుడే చివరి రోజును 15కి జరపాల్సింది. జరపకుండా, నోటీసు పూర్తి చేసిందని 13వ తేదీతో లెటర్ ఇచ్చి, ఇప్పుడు తగ్గిందని కోయడం పొంతన లేని పని. మెయిల్‌లో రెండే అడుగు. ఆ నియమం ఏ పాలసీలో ఎన్నో పేరాలో ఉందో చూపించమను. రిలీవింగ్ లెటర్‌ను జతచేసి, రెండింటిలో ఏది సరైనదో చెప్పమను. ఆ రెండు రోజులను సెలవుల ఖాతాలోంచి కూడా తగ్గించి ఉంటే రెండుసార్లు కోసినట్టవుతుంది. నువ్వు దించుకున్న సెలవుల ఖాతాతో సరిచూడు.

సెలవుల డబ్బు ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చినది కాబట్టి దానికి మినహాయింపు ఉంది. పరిమితి 25 లక్షలు, రాజీనామాకూ వర్తిస్తుంది. కోసినది పోదు, రిటర్ను వేసేటప్పుడు చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు.

గడువు సంగతి. జీతం రెండు పని దినాల్లో రావాల్సింది, దాటిపోయింది. గ్రాట్యుటీకి ఫిబ్రవరి 12 వరకు సమయం ఉంది. దాటితే వడ్డీ ఇవ్వాలి. నువ్వు దరఖాస్తు ఇవ్వకపోయినా చెల్లించే బాధ్యత వాళ్లదే, అయినా దరఖాస్తు పంపి అందినట్టు జవాబు తీసుకో. మెయిల్‌లో ఈ రెండు గడువులూ రాయి, బెదిరింపు మాటలు వద్దు.

ఇంకొకటి, దీన్ని చాలామంది జూలైలో గాని గమనించరు. పాత కంపెనీ ఏప్రిల్ నుంచి ఇచ్చిన సుమారు 10.4 లక్షలే నీ ఏడాది ఆదాయమని లెక్క కడుతుంది. కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు పన్ను లేదు కాబట్టి, సెలవుల డబ్బు మీద కోసినది తప్ప, జీతం మీద సున్నా వేస్తుంది. కొత్త కంపెనీ మార్చి దాకా ఇచ్చే 3.4 లక్షలు చూసి అది కూడా సున్నా వేస్తుంది. రెండూ కలిపి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 13 లక్షలు మిగులుతుంది, సెస్సుతో కలిపి 78,000 దాకా పన్ను ఉంటుంది. ఫారం 12బీలో పాత జీతం వివరాలు నింపి కొత్త కంపెనీకి ఈ నెలలోనే ఇవ్వు. లేకపోతే మొత్తం ఒకేసారి, వడ్డీతో కట్టాలి.

గోదారిగట్టు | 6 ఫిబ్రవరి 2026

పీఎఫ్ మర్చిపోవద్దమ్మా. మా అల్లుడికి పాత కంపెనీ మానేసిన తేదీ వేయకపోవడంతో ఖాతా బదిలీ ఆరు నెలలు ఆగిపోయింది.

నల్లరేగడి | 6 ఫిబ్రవరి 2026

కంపెనీ వేయకపోతే మనమే వేసుకోవచ్చండీ. చివరి చందా పడ్డాక రెండు నెలలు ఆగి, యూఏఎన్ పోర్టల్‌లో Manage కింద Mark Exit అని ఉంటుంది. ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. తేదీ రిలీవింగ్ లెటర్‌లో ఉన్నదే వేయాలి. డబ్బు తీసేసుకోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి, అప్పుడే పాత సర్వీసు కూడా కలుస్తుంది.

మొల్లపూలు | 18 ఫిబ్రవరి 2026

మెయిల్‌కు జవాబు నాలుగో రోజున వచ్చింది. పాలసీ పేరా చూపించలేకపోయారు. 7,333 తీసేసి సవరించిన కాగితం పంపారు. గ్రాట్యుటీ 11న ఖాతాలో పడింది. జీతం, సెలవుల డబ్బు మాత్రం ఇంకా రాలేదు, నెలాఖరు చెల్లింపుల్లోనే వేస్తామంటున్నారు. రెండు రోజుల నియమం గురించి రాస్తే ‘మా పాలసీ సవరణలో ఉంది’ అన్నారు. ఫారం 12బీ కొత్త ఆఫీసులో ఇచ్చేశాను. పీఎఫ్‌లో తేదీ ఇంకా పడలేదు, మార్చి దాకా చూస్తాను.

మాస్టారూ, నెలాఖరుకు కూడా జీతం రాకపోతే కార్మిక శాఖకు రాయాలా, ఇంకో మెయిల్ పంపాలా?

లెక్కలమాస్టారు | 18 ఫిబ్రవరి 2026

మార్చి 2 సోమవారం వరకు చూడు. రాకపోతే హెచ్‌ఆర్ అధిపతికి ఒక్క మెయిల్ పంపి, వారం గడువు ఇవ్వు. ఆ తర్వాత కార్మిక శాఖకే. రిలీవింగ్ లెటర్, సవరించిన లెక్క కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకచోట పెట్టుకో.